ఎడమ తెర తెలుగు, కుడి తెర ఇంగ్లీషు

మాది ఇంగ్లీషు మీడియం కాలేజీ. ఆ సంగతి గేటు మీది బోర్డులో ఉంది, అడ్మిషన్ ఫారంలో ఉంది, ప్రిన్సిపాల్ గారి గది బయట అద్దాల పెట్టెలో తాళం వేసి మరీ ఉంది. లేనిదల్లా తరగతి గదిలోనే. అక్కడ మేము ఇంగ్లీషులో మొదలుపెడతాం, రెండో వాక్యానికి తెలుగులోకి జారతాం, వరండాలో ఎవరైనా పెద్దవాళ్ళు కనబడితే మళ్ళీ ఇంగ్లీషులోకి ఎక్కుతాం. గంట కొట్టేదాకా అట్లా నెట్టుకొస్తాం. కడపలో నేను కెమిస్ట్రీ చెప్పబట్టి చాలా ఏళ్ళయింది. పుట్టింది కర్నూలు పక్కన, నోరు ఆ నీళ్ళదే. కోపం మాత్రం ఎవరి పోలికో తెలియదు, మా ఇంట్లో అంత కోపం ఎవరికీ లేదు.

ఆ రోజు కూడా కోపంగానే ఉన్నాను. ల్యాబులో ఎవరో యాసిడ్ ఒలకబోసి నీళ్ళు కూడా పోయకుండా వెళ్ళిపోయారు. మా ల్యాబు నేల బేతంచెర్ల సున్నపురాయి బండలు. యాసిడ్ పడితే బుసబుస పొంగి, నునుపు పోయి, మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలను బట్టి ఏ ఏడాది ఏ బ్యాచ్ ఎంత ఘనులో చెప్పొచ్చు. నేను ఆ బండ ముందు నిలబడి కనబడని దోషిని తిడుతుంటే గుమ్మం దగ్గర ఒకాయన చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక తల వంచుకుని మా ఫస్టియర్ అమ్మాయి.

ఆయనది ఒంటిమిట్ట అవతల మగ్గాలున్న ఊరు. నూలు చీరలు నేస్తారు. కూతురికి టీసీ కావాలని వచ్చాడు. నేను కారణం అడిగాను. ఆయన కూతురి వైపు చూశాడు, ఆ పిల్ల నేల వైపు చూసింది. చివరికి ఆయనే చెప్పాడు.

"పాపకు ఈడ ఏం జెప్తాండారో అర్థం కాలేదంట మేడం. రోజూ హాస్టల్ నుంచి ఫోన్ జేసి ఏడుస్తాంది. బాగా సదివే పిల్లే. ఏడ్సుకుంటా సదవాల్సిన పనేముండాది? ఇంటికాడ మగ్గముండాది."

నిజానికి ఆ పిల్ల బాగా చదివే పిల్లే. పదీ ఇంటరూ తెలుగు మీడియంలో మంచి మార్కులతో పాసైంది. మా దగ్గరికి వచ్చాక ముందు బెంచీలో కూర్చుని, నేను 'అర్థమైందా' అని అడిగిన ప్రతిసారీ అందరికన్నా ముందు తల ఊపేది. అట్లాంటి పిల్ల టీసీ అడగడం నాకు చెంపదెబ్బలా తగిలింది. వెంటనే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నా వాగ్ధాటి మొదలుపెట్టాను. సెమిస్టర్ సిస్టమ్ అంటే ఏమిటి, బ్రిడ్జి కోర్సు ఎందుకు, ఇంటర్నల్స్ ఎట్లా ఉంటాయి, ఇప్పుడు డిస్కంటిన్యూ చేస్తే స్కాలర్‌షిప్ సంగతి ఏమవుతుంది, డిగ్రీ కంప్లీట్ చేస్తే కెరీర్ ఆప్షన్స్ ఏమేమున్నాయి, అన్నీ చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. ప్రతి మాటకీ సరే మేడం, సరే మేడం అని తల ఊపాడు. ఆహా, నా మాటలు ఎంత బాగా ఎక్కాయో అని నాకు లోపల గర్వంగా కూడా ఉండింది.

చివర్లో ఒక మాట ఇచ్చాను. ఫస్టియర్ వాళ్ళంతా ఒక్కొక్కరూ ఒక సెమినార్ చెప్పాలి, స్లైడ్లు పెట్టి, తరగతి ముందు నిలబడి. ఆ పిల్ల వంతు వచ్చేదాకా ఉండనివ్వమన్నాను. అప్పటికీ అర్థం కాకపోతే నేనే దగ్గరుండి టీసీ ఇప్పిస్తానన్నాను. ఆయన దానికీ సరే మేడం అన్నాడు. ఆ పిల్ల కూడా తల ఊపింది. తండ్రీకూతుళ్ళు వెళ్ళిపోయారు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎట్లా అని నేను స్లైడ్ల మీద పడ్డాను.

ఎందుకు స్లైడ్లంటే, మాకు డిజిటల్ క్లాసు వచ్చాక నల్లబల్ల అంటరానిదైపోయింది. పాఠమంటే స్లైడే. ఆ స్లైడ్లు మా డిపార్ట్‌మెంట్ హెడ్ సారు తయారు చేసి పెట్టారు. ఆయన పద్ధతి శానా తేలిక. టెక్స్ట్‌బుక్కులో పేరా పేరా ఎత్తి స్లైడ్ మీద పెట్టడం, తర్వాత దాన్ని చదవడం. అక్షరాలు చీమల బారులా ఉంటాయి. ఆయన సిద్ధాంతం కూడా ఒకటుంది. "తెర మీద ఇంగ్లీషు, నోట్లో తెలుగు. అంతే అమ్మా, అంతకు మించి ఆలోచించకూడదు." ఆ నోట్లో తెలుగు ఏమిటంటే 'కాబట్టి', 'అంటే', 'రాసుకోండి'. ఈ మూడు మాటలూ తీసేస్తే మిగిలేది పేరానే.

నేను మొదట చేసింది ఆదివారమంతా కూర్చుని ప్రతి వాక్యం కింద దాని తెలుగు రాయడం. ఎవరికీ అన్యాయం జరగకూడదని రెండు భాషలనూ సమానంగా పెట్టాను. సమానంగా పెట్టేసరికి స్లైడ్ కిక్కిరిసిపోయింది. ఇంగ్లీషు అక్షరాలకు పైనా కిందా ఏమీ ఉండవు, ఇరుకు చోట కూడా సర్దుకుంటాయి. మన అక్షరాలకు పైన గుడి, కింద వత్తు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో ఇరుక్కుని తన్నుకుంటున్నాయి. సోమవారం తీసుకెళ్ళి కాలేజీ కంప్యూటర్లో తెరిస్తే ఆ తన్నులాట కూడా లేదు. నేను ఇంట్లో వాడిన పాత ఫాంటు అక్కడ లేదట. తెలుగున్న చోటల్లా పెట్టెలూ, గీతలూ, డాలరు గుర్తులూ వచ్చాయి. హెడ్ సారు కళ్ళద్దాలు పైకి నెట్టి, ఇది ఏ దేశపు తెలుగమ్మా అని అడిగారు. పిల్లలు నవ్వారు. మా మగ్గాల ఊరి పిల్ల మాత్రం నవ్వలేదు, ఆ డాలర్లను కూడా నోట్సులో రాసుకోబోయింది.

ఫాంటు మార్చాను, అన్ని కంప్యూటర్లలో ఉండేది పెట్టాను. అయినా స్లైడ్ ఇరుకు ఇరుకే. అప్పుడు ప్రిన్సిపాల్ సారుకు ఆలోచన వచ్చింది. మాకు కొత్త సెమినార్ హాలు కట్టారు. వేదికకు ఎడమ పక్క ఒక తెర, కుడి పక్క ఒక తెర. రెండు తెరలెందుకో కట్టినవాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. ఎవరైనా చూడటానికి వస్తే సారు వాళ్ళను ముందు ఆ హాలుకే తీసుకెళ్ళి రెండూ ఒకేసారి వెలిగించి చూపిస్తారు. "రెండు భాషలు, రెండు తెరలు. దేవుడే ఇచ్చినాడు కదమ్మా," అన్నారు నాతో. ఎడమ తెర మీద తెలుగు, కుడి తెర మీద ఇంగ్లీషు. ఎవరికి ఏది కావాలో అది చూసుకుంటారు. ఆ మాట వినగానే నాకూ తల మీది బరువు దిగినట్టయింది. ఇంత సులువైన దారి ఇన్నాళ్ళూ తోచలేదే అనుకున్నాను.

ఒక్క విషయం మాత్రం నాకు గానీ ఆయనకు గానీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడానికి కారణం అది మాకు ఊపిరి పీల్చడమంత అలవాటు కావడమే. మా కాలేజీలో, మా చుట్టుపక్కల ఏ కాలేజీలో అయినా, ఆడపిల్లలు ఎడమ వరసలో కూర్చుంటారు, మగపిల్లలు కుడి వరసలో. అట్లా కూర్చోమని ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ చెప్పరు కూడా.

ఇక చూడండి. తెలుగంతా ఆడపిల్లల ముందు, ఇంగ్లీషంతా మగపిల్లల ముందు. మగపిల్లల్లో సగానికి పైగా కమలాపురం, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు మీడియమే. వాళ్ళకు తెలుగు కావాలి. తెలుగు కావాలంటే ఎడమకు తిరగాలి. నేను పాఠం మొదలుపెట్టగానే కుడి వరసంతా ఒక్కసారిగా మెడలు తిప్పి ఆడపిల్లల వైపు చూడటం మొదలుపెట్టింది. నేను పొంగిపోయాను, ఇంత ఏకాగ్రత ఏనాడూ చూడలేదు. సరిగ్గా అప్పుడే మా పీడీ సారు, అంటే ఆటల సారు, హాలు తలుపులోంచి తొంగి చూశారు. కాలేజీలో క్రమశిక్షణ కూడా ఆయన ఖాతాలోనే ఉంది.

గంట కొట్టగానే కుడి వరసలోంచి ఒక డజను మందిని ప్రిన్సిపాల్ గది ముందు నిలబెట్టారు. గంటసేపు ఆడపిల్లల వైపు రెప్ప వేయకుండా చూశారని ఫిర్యాదు. పిల్లలు 'తెలుగు ఆ పక్కే ఉండాది సార్' అని మొత్తుకున్నారు. పీడీ సారు తన సర్వీసులో ఎన్నో సాకులు విన్నారట గానీ భాషాభిమానం మీద పెట్టిన సాకు ఇదే మొదటిదట. నేను పరుగెత్తుకెళ్ళి సంగతి చెప్పి విడిపించాను. వాళ్ళలో ఒకరిద్దరు తెలుగు కోసమే చూశారని నేను ప్రమాణం చేయలేను గానీ ఆ రోజు చేశాను.

ఆ సాయంత్రం స్టాఫ్‌రూములో సమావేశం పెట్టాం. తెరలు తారుమారు చేద్దామన్నారు ఒకరు. అప్పుడు ఆడపిల్లలు మగపిల్లల వైపు చూస్తారు, అది ఇంకా ప్రమాదమన్నారు ఇంకొకరు. ఆడపిల్లలకే తెలుగెందుకు పెట్టారు, వాళ్ళకు ఇంగ్లీషు రాదనా అని ఒక తండ్రి అప్పటికే ఫోన్ చేశాడని ప్రిన్సిపాల్ సారు చెప్పారు. కార్పొరేట్ స్కూలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సమావేశానికి ముందే నా దగ్గరికొచ్చి, మేడం మాకు తెలుగు చదవడం లేటవుతుంది, మేం ఆ పక్కకు చూస్తే సార్లు తిడుతున్నారు అంది. వాళ్ళ బాధ వాళ్ళది. పిల్లల్ని కలిపి కూర్చోబెడితే సరిపోతుంది కదా అని నేనన్నాను. అందరూ ఫ్యాను వైపు చూశారు. అది తిరుగుతోందో లేదో చాలాసేపు చూశారు. తర్వాత టీ తెప్పించారు.

ఇంత గొడవలో నేను ఎవరి కోసం మొదలుపెట్టానో ఆ పిల్ల సంగతి చూడనేలేదు. ఆ పిల్ల కూర్చున్నది తెలుగు తెర ముందే. అంటే ఆ పిల్లకైనా మేలు జరిగి ఉండాలి. మర్నాడు పాఠం చెబుతూ గమనించాను. ఎదురుగా ఉన్న తెలుగు వైపు ఒకసారి చూస్తుంది, మెడ చాచి కుడి పక్క ఇంగ్లీషు మొత్తం అక్షరం పొల్లుపోకుండా నోట్సులోకి ఎక్కించుకుంటుంది. తలెత్తేలోపల నేను తర్వాతి స్లైడ్‌కు పోతున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేసి పెడితే చదవకుండా ఆ రాసుడేమిటి? క్లాసయ్యాక నిలబెట్టి అడిగాను, కొంచెం గట్టిగానే అడిగాను.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మెల్లగా చెప్పింది.

"బళ్ళో పుస్తకాలు గూడా ఇట్లే ఉండె మేడం. ఒక పక్క పేజీ ఇంగ్లీషు, ఒక పక్క పేజీ తెలుగు. మేం తెలుగు పక్కే సదివినాం. ఇంగ్లీషు పక్క చివరిదాకా కొత్తగానే ఉండిపోయింది. ఇప్పుడు గూడా తెలుగు పక్క నాకు వచ్చు మేడం, ఇంటర్లో సదివినాను. పరీక్ష ఆ పక్కది రాయాల. ఈ పక్క నుంచి ఆ పక్కకు యట్ల పోవాలో ఎవరూ జెప్పలేదు."

హాలు తలుపు వేసి తాళం వాచ్‌మన్‌కు ఇచ్చి, బస్సెక్కి, ఇంటికెళ్ళేదాకా ఆ మాటే తిరిగింది తలలో. నేను ఆ పిల్లకు తెలిసిన కెమిస్ట్రీనే మళ్ళీ తెలుగులో చెప్పి, తెలియని ఇంగ్లీషును ఎప్పటిలాగే అవతల తెర మీద పడేసి, రెండు భాషలకూ న్యాయం చేశానని ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది. ఆ రాత్రి వంటలో ఉప్పు ఎక్కువైంది, దానికి ఇంట్లోవాళ్ళు అన్నందుకు వాళ్ళ మీద కూడా వచ్చింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఒకే స్లైడ్. ఒకే మాట రెండు భాషల్లో రెండుసార్లు చెప్పడం మానేశాను. ఏ స్లైడ్‌లోనైనా కొత్త ఇంగ్లీషు మాట ఒకటో రెండో, అంతకు మించి లేదు. ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లోనే పెద్దగా పెట్టాను, ఎందుకంటే పరీక్షలో అట్లాగే కనబడుతుంది, అట్లాగే రాయాలి. కెటలిస్ట్ అని తెలుగు అక్షరాల్లో రాస్తే చూడటానికి సొంపుగానే ఉంటుంది గానీ అది తెలుగు మీడియం పిల్ల చదువుకున్న ఉత్ప్రేరకమూ కాదు, ప్రశ్నపత్రంలో వచ్చే మాటా కాదు. అందుకని ఇంగ్లీషు మాట పక్కనే వాళ్ళు బళ్ళో నేర్చుకున్న తెలుగు మాట చిన్నగా, మొదటిసారి మాత్రమే. కింద ఒక తెలుగు వాక్యం, ఆ ఇంగ్లీషు మాటను మధ్యలో కూర్చోబెట్టుకుని. తెలుగు వరుసల మధ్య వత్తులకు ఊపిరాడేంత ఎడం. మర్నాడు అదే మాట వస్తే పక్కనున్న తెలుగు మాట తీసేయడం. వారం చివర ఒక స్లైడ్ మొత్తం ఇంగ్లీషులో, అయితే అందులో ఆ వారం కలవని మాట ఒక్కటి కూడా ఉండకూడదు. సమీకరణాలు, యూనిట్లు ఎప్పుడూ ఇంగ్లీషులోనే. చెప్పడానికి తేలిగ్గా ఉంది గానీ ఒక్కో స్లైడ్ దగ్గర ఏ మాట ఉంచాలి, ఏది తీయాలి అని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కూర్చున్నాను.

హెడ్ సారు చూసి, ఇది తెలుగూ కాదు ఇంగ్లీషూ కాదు, మన బజారు భాష తెర మీదికి ఎక్కించావు అన్నారు. మనం స్టాఫ్‌రూములో మాట్లాడేది అదే కదా సార్ అన్నాను. స్టాఫ్‌రూము వేరు, స్క్రీన్ వేరు అన్నారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ప్రిన్సిపాల్ సారుకు ఇంకో బెంగ, రెండో తెర ఏం కావాలని. అదే స్లైడ్‌ను రెండు తెరల మీదా వేస్తానన్నాను. రెండూ వెలుగుతాయి కదా అని ఒకటికి రెండుసార్లు అడిగి, వెలుగుతాయన్నాక సంతోషించారు. పిల్లలు ఎవరి ముందు తెర వాళ్ళు చూసుకున్నారు. పీడీ సారు మళ్ళీ గ్రౌండ్‌కు వెళ్ళిపోయారు. అద్భుతాలేమీ జరగలేదు. 'అర్థమైందా' అంటే తల ఊపడం తగ్గింది, అంతే. అర్థం కాలేదు మేడం అనేవాళ్ళు ఎక్కువయ్యారు. మొదట్లో అది నాకు నచ్చలేదు.

సెమినార్ రోజు రానే వచ్చింది. ఆ పిల్లకు వచ్చిన అంశం హార్డ్ వాటర్, కఠిన జలం. మా కడపలో ఆ అంశానికి పుస్తకం అక్కర్లేదు, కొళాయి తిప్పితే చాలు. తండ్రి చెప్పిన మాట ప్రకారం పొద్దున్నే వచ్చాడు. టీసీ కోసమే వచ్చాడు, చంకలో సంచీ కూడా ఉంది, పిల్ల సామాను సర్దుకుపోవడానికి. నేను కూర్చోమంటే వెనక బెంచీలో, కుడి వరసలో, మగపిల్లల పక్కన ఒదిగి కూర్చున్నాడు. హెడ్ సారు ముందు కుర్చీలో మార్కులు వేయడానికి కూర్చున్నారు. పిల్ల చెప్పలేకపోతే ఇచ్చిన మాట ప్రకారం మధ్యాహ్నానికి నేనే ఆఫీసుకు తీసుకెళ్ళాలి.

మొదటి స్లైడ్ వచ్చింది. తెర మధ్యలో రెండే మాటలు, ఇంగ్లీషులో, హార్డ్ వాటర్ అని. రెండో స్లైడ్, కాల్షియం, మెగ్నీషియం అయాన్లు, మళ్ళీ ఇంగ్లీషులోనే. మూడోది, నాలుగోది. ఎక్కడా ఒక్క తెలుగు అక్షరం లేదు. నెలల తరబడి నేను ఏరి కూర్చి పెట్టిన తెలుగును ఈ పిల్ల ఒక్క దెబ్బతో ఊడ్చి పారేసిందే అనుకున్నాను. ముందు కుర్చీలో హెడ్ సారు కాలు మీద కాలేసుకున్నారు.

అయితే పిల్ల నోరు విప్పిందంతా తెలుగే. అదీ ఒంటిమిట్ట అవతలి తెలుగు. హాస్టల్లో ఎంత సబ్బు రుద్దినా నురగ రాకపోవడం నుంచి మొదలుపెట్టింది. అందరూ నవ్వారు, అందరిదీ అదే గోడు. నీళ్ళు కాగబెడితే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదాని గురించి చెప్పి, తెర మీది కాల్షియం కార్బొనేట్ అనే మాట మీద వేలు పెట్టింది. తర్వాత వంగి నేల చూపించింది, ఈ హాలులో వేసిన బండలు గూడా శానామటుకు అదే అని. కాగబెడితే పోయేది టెంపరరీ, కాగబెట్టినా పోనిది పర్మనెంట్, దానికి వాషింగ్ సోడా వేయాలి అని చెప్పి, అవి తెర మీద యాడుండాయో చూపించింది. వాళ్ళ నాయన నూలుకు రంగు వేసేటప్పుడు బోరు నీళ్ళు ఎందుకు వాడడో చెప్పింది. రంగు సమంగా ఎక్కదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. చెప్పేటప్పుడు వెనక బెంచీ వైపు చూడలేదు. ఆయన కూడా కదలకుండా కూర్చున్నాడు.

హెడ్ సారు ఇంగ్లీషులో ప్రశ్న వేశారు. టెంపరరీ అని ఎందుకంటారు, కాగబెడితే ఏమవుతుంది, ఇంగ్లీషులోనే చెప్పమన్నారు. పిల్ల తెర వైపు చూసింది. ఒక మాట, ఆగి ఇంకో మాట, ఆగి ఇంకోటి. బైకార్బొనేట్ విడిపోయి కరగని కార్బొనేట్ అవుతుందని, నీళ్ళలోంచి అడుక్కు దిగుతుందని, ఇంగ్లీషులో చెప్పింది. వాక్యానికి కాళ్ళూ చేతులూ సరిగా లేవు గానీ ప్రాణముంది. తప్పేమీ లేదు. సారు తల ఆడించి మార్కు వేశారు.

అయిపోయాక ఉండబట్టలేక అడిగాను, తెలుగు ఒక్క ముక్కయినా ఎందుకు పెట్టలేదని. పిల్ల కొంచెం ఆశ్చర్యంగా చూసింది.

"తెలుగు అందరి కాడా ఉండాది గదా మేడం. లేనిది పైన పెట్టినా."

హెడ్ సారు లేచి, "నేను మొదటి రోజే చెప్పినా కదమ్మా. తెర మీద ఇంగ్లీషు, నోట్లో తెలుగు," అన్నారు. ఆయన తెర మీద పేరాలు, ఈ పిల్ల తెర మీద రెండేసి మాటలు. ఆయన నోట్లో 'రాసుకోండి', ఈ పిల్ల నోట్లో వాళ్ళ ఊరి నీళ్ళు. ఆ తేడా ఎత్తి చూపుదామని నోటిదాకా వచ్చింది. ఆయనకు మార్కుల కాగితం మీద ఇంకా సంతకం చేయాల్సి ఉంది కాబట్టి మింగేశాను.

తండ్రి వరండాలో నిలబడి ఉన్నాడు, సంచీ చంకలోనే ఉంది. నేను దగ్గరికెళ్ళి, ఏమన్నా, ఏం నిర్ణయం చేసినావు అని అడిగాను. మళ్ళీ సెమిస్టర్, క్రెడిట్స్ అని మొదలుపెట్టబోయాను కూడా. ఆయన చెయ్యి అడ్డంగా పెట్టలేదు, మధ్యలో ఆపలేదు. నేను ఊపిరి తీసుకునేదాకా ఆగి, మర్యాదగా చెప్పాడు.

"ఈ పొద్దు పాప చెప్పింది నాకు అర్థమాయె మేడం. పైన రాసింది సదవలేను గానీ యాడ వేలు పెడితే దేని గురించో తెలిసింది. పోయినసారి ల్యాబుకాడ మీరు శానాసేపు చెప్పినారు. నాకు ఒక్క ముక్క తెలియలేదు. పెద్దోళ్ళు చెప్తాంటే బాగుండదని తల ఊపినా. మా పాప గూడా ఈడ అట్లే ఊపుతాండాదేమో అని దోవంతా అనుకుంటా పోయినా."

నేనేమన్నానో గుర్తు లేదు. బహుశా తల ఊపి ఉంటాను.

"ఉండనీలే మేడం," అని ఆయన సంచీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని, బస్టాండుకు ఏ పక్క పోవాలని అడిగాడు. 'లెఫ్ట్ తీసుకుని సిగ్నల్ దగ్గర' అనబోయి ఆగాను. గేటు దాకా ఆయన వెంట నడిచి, చెయ్యెత్తి దారి చూపించాను.